జోరుగా కురిసిన వాన ఉన్నట్టుండి పది రోజులు ఎటు పోతుంది?

ప్రశ్న: అన్నా, మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. జులై ఆఖరులో వారం పాటు ముసురు వదల్లేదు, వాగులు పొంగి రోడ్లన్నీ బంద్. ఆ తర్వాత పన్నెండు రోజులైంది, చుక్క లేదు. గాలి మాత్రం పడమట నుంచి ఆగకుండా వీస్తోంది, మబ్బులు వస్తున్నాయి, పోతున్నాయి. నడి వానాకాలంలో ఇట్లా ఎందుకు ఆగుతుంది? అడవి నరికినందుకే అని ఊళ్ళో అంటున్నారు, నిజమేనా?

జవాబు:

తమ్మీ, అడవి సంగతి ముందు తేల్చేస్తాను. అడవి పోతే నేల తేమ, వాగుల్లో నీళ్ళు, ఎండ తీవ్రత అన్నీ దెబ్బతింటాయి, అందులో అనుమానం లేదు. కానీ ఈ పన్నెండు రోజుల బెట్టకు అది కారణం కాదు. ఎట్లా చెప్పగలనంటే, మీ దగ్గర వాన ఆగిన ఇలాంటి రోజుల్లో వర్షపాతం మ్యాపు తెరిచి చూడు. చంద్రపూర్, నాగపూర్, జబల్‌పూర్, అటు గుజరాత్, ఇటు కలహండి దాకా ఒకే వరుసలో ఎండిపోయి కనిపిస్తుంది. అడవి దట్టంగా ఉన్న అబూజ్‌మడ్ కొండల్లోనూ అంతే, చెట్టే లేని చోటా అంతే. వెయ్యి కిలోమీటర్లకు పైగా పరుచుకున్న బెట్టకు కారణం ఒక తాలూకాలో ఉండదు. అంతే పెద్దదై ఉండాలి.

నా ఉద్యోగమంతా వాతావరణ పరిశీలనలోనే గడిచింది. వానకొలత పాత్ర దగ్గర నుంచి బెలూన్ల దాకా అన్నీ చేతుల మీదుగా చేసినవే. ఇప్పుడు బల్లార్షాలో ఉంటున్నాను, మీ నల్లరేగడే మా నల్లరేగడి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నైరుతి ఋతుపవనం అంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా రోజూ పడే వాన అనుకుంటాం. అది ఎప్పుడూ అట్లా లేదు. కొన్ని రోజులు జోరు, కొన్ని రోజులు విరామం, మళ్ళీ జోరు. ఈ విరామాన్ని వాతావరణ శాఖ వాళ్ళు 'బ్రేక్ మాన్సూన్' అంటారు. ఊరికే ఒక రోజు వాన పడకపోతే దాన్ని బ్రేక్ అనరు. జులై, ఆగస్టు నెలల్లో మధ్య భారతం మొత్తం మీద వాన మామూలు కన్నా బాగా పడిపోయి, ఆ స్థితి వరసగా కనీసం మూడు రోజులైనా ఉంటేనే బ్రేక్ అని లెక్కలోకి తీసుకుంటారు. ఎక్కువ బ్రేకులు మూడు నాలుగు రోజుల్లోనే తీరిపోతాయి, మనం వాటిని పెద్దగా పట్టించుకోం కూడా, కలుపు తీసుకోవడానికి తెరిపి దొరికిందని సంతోషిస్తాం. వారం దాటినవే మనకు టెన్షన్ పెడతాయి.

ఇక అసలు సంగతి. మనకు వాన కురిపించేది ఒక గీత అనుకో. రాజస్థాన్‌లోని గంగానగర్ దగ్గర మొదలై, ప్రయాగ్‌రాజ్ మీదుగా, బంగాళాఖాతం తల దాకా పొడుగ్గా ఒక అల్పపీడన మండలం ఉంటుంది. దాన్ని ఋతుపవన ద్రోణి అంటారు. అరేబియా సముద్రం వైపు నుంచి వచ్చే పడమటి గాలి, బంగాళాఖాతం నుంచి గంగా మైదానం మీదుగా తిరిగొచ్చే తూర్పు గాలి, రెండూ ఈ ద్రోణి దగ్గరే కలుస్తాయి. కలిసిన గాలికి పక్కకు పోయే దారి ఉండదు కాబట్టి పైకి లేస్తుంది. పైకి లేచిన తడి గాలి చల్లబడి మబ్బై వానవుతుంది. ఈ ద్రోణి తూర్పు కొస ఎంత దక్షిణానికి దిగి సముద్రంలో ఉంటే మనకు అంత మంచిది, ఎందుకంటే అక్కడే అల్పపీడనాలు పుడతాయి. అవి పుట్టి ఒడిశా తీరం దాటి, ఛత్తీస్‌గఢ్ మీదుగా పడమటికి కదులుతూ పోతాయి. గడ్చిరోలి, చంద్రపూర్, ఆదిలాబాద్, ఆసిఫాబాద్‌లలో పడే పెద్ద వానల్లో ఎక్కువ భాగం వీటి పుణ్యమే. ముసురు పట్టిందంటే ఒడిశా ఛత్తీస్‌గఢ్‌ల మీద ఏదో ఒక అల్పపీడనం నడుస్తోందన్న మాట.

బ్రేక్ రోజుల్లో ఈ ద్రోణి ఉత్తరానికి జరిగిపోతుంది. జరిగి జరిగి హిమాలయాల అంచుకు ఆనుకుంటుంది. అప్పుడు గంగా మైదానం మీద వీచాల్సిన తూర్పు గాలి మాయమై, మన దగ్గర నుంచి పైన ఉత్తరప్రదేశ్ దాకా అంతా పడమటి గాలే మిగులుతుంది. నువ్వు రాసిన 'పడమట నుంచి ఆగకుండా వీచే గాలి' ఇదే. గాలి వీయడం వేరు, గాలి ఒకచోట చేరి పైకి లేవడం వేరు. నీ పొలం మీదుగా పోయే గాలిలో తేమ ఉంది, కానీ అది ఆగి లేచే చోటు నీ దగ్గర లేదు, సుమారు వెయ్యి కిలోమీటర్ల అవతల కొండల దగ్గర ఉంది. అందుకే బ్రేక్ వచ్చినప్పుడల్లా ఉత్తరాఖండ్, హిమాచల్, నేపాల్ తరాయి, బిహార్ ఉత్తర భాగం, అస్సాం వైపు వానలు దంచుతాయి. నేపాల్ కొండల్లో పడిన నీళ్ళు కోసీ లాంటి నదుల్లోకి దిగి, కింద ఊళ్ళకు వరదలు వస్తాయి. టీవీలో అక్కడ కొండచరియలు విరిగిపడే దృశ్యాలు, ఇక్కడ నెర్రెలిచ్చిన నేల, రెండూ ఒకే కథలో రెండు ముక్కలు. ఇంకో వింత ఏమిటంటే, అదే సమయంలో తమిళనాడు, రాయలసీమ వైపు సాయంత్రం పూట ఉరుముల వానలు పెరుగుతాయి. నీకు చిత్తూరు వైపు చుట్టాలుంటే ఫోన్ చేసి అడుగు, 'మాకు రోజు విడిచి రోజు వాన' అని చెప్పే అవకాశం ఎక్కువ.

మరి ద్రోణి ఎందుకు జరుగుతుంది? ఇక్కడే చాలామంది ఆపేస్తారు, 'ద్రోణి ఉత్తరానికి పోయింది కాబట్టి వాన లేదు' అని. అది ఏం జరిగిందో చెబుతుందే కానీ ఎందుకు జరిగిందో చెప్పదు. జవాబు మన దగ్గర లేదు, దక్షిణాన భూమధ్యరేఖ దగ్గర హిందూ మహాసముద్రంలో ఉంది.

వానాకాలంలో మన వైపు మబ్బుల పట్టీలు రెండుంటాయి. ఒకటి భూమి మీద, అంటే ఈ ద్రోణి వెంట. రెండోది భూమధ్యరేఖ దగ్గర సముద్రం మీద, శ్రీలంకకు కింద. రెండిటికీ కావలసింది ఒకటే, కిందనుంచి వచ్చి చేరే తడి గాలి. అది ఇద్దరికీ ఒకేసారి సరిపడా దొరకదు. తక్కెడలో ఒక సిబ్బి లేస్తే ఇంకోటి దిగినట్టు, సముద్రం మీద పట్టీ బలపడితే భూమి మీద పట్టీ నీరసిస్తుంది. సముద్రం మీద పెద్ద పెద్ద మబ్బులు లేచినప్పుడు ఆ గాలి పన్నెండు, పద్నాలుగు కిలోమీటర్ల ఎత్తుకు పోయి, అక్కడ నుంచి ఉత్తరంగా పరుచుకుని, మన నెత్తి మీదికొచ్చి కిందికి దిగుతుంది. పైకి లేచే గాలి చల్లబడి వానిస్తే, కిందికి దిగే గాలి నొక్కుకుని వేడెక్కుతుంది, ఆరిపోతుంది. రోజుకు కొన్ని వందల మీటర్లు మాత్రమే దిగుతుంది, మనకు ఒంటికి తెలియదు. కానీ మబ్బుకు తెలుస్తుంది. సిక్కా, సులోచన గాడ్గిల్ అనే మన శాస్త్రవేత్తలు 1980లో ఉపగ్రహ చిత్రాలు రోజువారీ వరసగా పెట్టి చూసి ఈ రెండు పట్టీల సంగతి బయటపెట్టారు. అంతకు ముందు దాకా బ్రేక్ అంటే ఉత్తరాన హిమాలయాల వ్యవహారమనే చూసేవాళ్ళు.

వాళ్ళు చూసినదాంట్లో మనకు పనికొచ్చే విషయం ఇంకోటి ఉంది. సముద్రం మీద లేచిన పట్టీ అక్కడే ఉండిపోదు. మెల్లగా ఉత్తరానికి నడుస్తుంది. ఎందుకు నడుస్తుందంటే, మబ్బు కింద ఉన్న సముద్రానికి ఎండ తగలక, గాలికి చల్లబడుతుంది. దాని ముందు, అంటే ఉత్తరం వైపు, ఆకాశం తెరిపిగా ఉండి నీళ్ళు వేడెక్కి తేమ కూడుతుంది. వెనక బలం తగ్గి ముందు బలం పెరుగుతుంది కాబట్టి పట్టీ ముందుకే జరుగుతుంది. పై గాలులకూ కింది గాలులకూ ఉన్న తేడా వల్ల సుడి కూడా పట్టీకి ఉత్తరం వైపే ముందు కడుతుంది. ఈ నడక వేగం రోజుకు సుమారు ఒక అక్షాంశం, అంటే నూటపది కిలోమీటర్లు. సిరొంచ దాదాపు 19వ అక్షాంశం మీద ఉంది. భూమధ్యరేఖ దగ్గర పట్టీ బయలుదేరితే నీ పొలం చేరడానికి ఉజ్జాయింపుగా మూడు వారాలకు కాస్త తక్కువ. ఈ ప్రయాణంలో మొదటి సగం, అంటే పట్టీ ఇంకా సముద్రం మీద ఉన్నంత కాలం, నీ మీద గాలి దిగుతూ ఉంటుంది. బ్రేక్ ఒకటి రెండు రోజుల్లో కాకుండా వారం పది రోజులు లాగడానికి పెద్ద కారణం ఇదే. ఆ మొత్తం చక్రం, అంటే ఒక జోరు నుంచి ఇంకో జోరుకు, ముప్పై నుంచి అరవై రోజులు పడుతుంది. దీనితో పాటు తూర్పు నుంచి పడమటికి కదిలే చిన్న చక్రం ఇంకోటి ఉంది, పది నుంచి ఇరవై రోజులది. బంగాళాఖాతంలో అల్పపీడనాలు గుంపుగా ఎప్పుడు పుడతాయి, ఎప్పుడు పుట్టవు అనేది చాలావరకు ఈ చిన్నదాని చేతిలో ఉంటుంది. రెండూ ఒకేసారి కింద పడ్డప్పుడు బ్రేక్ పొడుగవుతుంది.

ఇప్పుడు నీ 'మబ్బులు వస్తున్నాయి, పోతున్నాయి' దగ్గరికి వద్దాం. ఇది నాకు బాగా ఇష్టమైన భాగం, రోజూ కళ్ళతో చూసిన విషయం కాబట్టి.

బ్రేక్ మొదలైన రెండు మూడు రోజులకు పదకొండింటప్పుడు ఆకాశం చూడు. తెల్లటి మబ్బు ముద్దలు లేస్తాయి. అడుగు చదునుగా ఉంటుంది, నెత్తి గుండ్రంగా ఉబ్బుతుంది. మంచి రోజుల్లో అయితే ఆ నెత్తి అట్లాగే పెరుగుతూ పోయి మధ్యాహ్నానికి నల్లబడుతుంది. బ్రేక్ రోజుల్లో ఒక ఎత్తుకు రాగానే ఆ నెత్తి అంచులు పీచు పీచుగా విడిపోతాయి, పది పదిహేను నిమిషాలు చూస్తుంటే మబ్బు కళ్ళ ముందే కరిగిపోతుంది. దాని పక్కనే ఇంకోటి లేస్తుంది, అదీ అంతే. కిందనున్న గాలిలో తేమకు కొదవ లేదు, అందుకే మబ్బు పుడుతోంది. దాని తల రెండు మూడు కిలోమీటర్ల ఎత్తుకు పోగానే పొడిగాలి తగులుతోంది. ఆ పొడిగాలి మబ్బులోకి చొరబడి చుక్కల్ని ఆవిరి చేస్తుంది, ఆవిరయ్యేటప్పుడు ఆ చోటు చల్లబడి బరువెక్కుతుంది, లేవాల్సిన గాలి కుంగిపోతుంది. వాన చుక్క తయారయ్యే దాకా మబ్బు బతకదు.

బెలూన్ ఎగరేసే రోజుల్లో దీన్ని అంకెల్లో చూసేవాళ్ళం. నాగపూర్ లాంటి కేంద్రాల్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బెలూన్ వదులుతారు, దానికి కట్టిన చిన్న పెట్టె పైకి పోతూ ఉష్ణోగ్రత, తేమ, పీడనం రేడియోలో పంపుతుంది. ముసురు రోజుల్లో కింద నుంచి ఆరేడు కిలోమీటర్ల దాకా గాలి దాదాపు నిండా తడిగా కనిపించేది. బ్రేక్ రోజుల్లో మొదటి కిలోమీటరున్నర బాగానే ఉండేది, ఆ పైన తేమ గీత ఒక్కసారిగా ఎడమకు పడిపోయేది. కింద నిలబడ్డ మనిషికి చెమట, ఉక్క. నెత్తిన రెండు కిలోమీటర్ల పైన ఎడారి గాలి.

ఎడారి గాలి అని మాటవరసకు అనలేదు. పై నుంచి దిగే గాలి ఒక్కటే కాదు, పడమట నుంచి అడ్డంగా వచ్చేది కూడా ఉంటుంది. అరేబియా, ఇరాన్, థార్ వైపు నుంచి రెండు నుంచి నాలుగు కిలోమీటర్ల ఎత్తులో పొడిగాలి మధ్య భారతంలోకి చొచ్చుకొస్తుంది. ఉత్తరాన పాకిస్తాన్, కశ్మీర్ల పైన పడమటి గాలుల్లో పెద్ద వంపు ఏర్పడి దక్షిణానికి దిగినప్పుడు ఈ చొరబాటు ఎక్కువ. అదే వంపు ద్రోణిని హిమాలయాల వైపు లాగడంలో కూడా పని చేస్తుంది. అంటే దక్షిణాన సముద్రం తోస్తోంది, ఉత్తరాన పడమటి గాలులు లాగుతున్నాయి. ఏ బ్రేక్‌లో ఎవరి వాటా ఎంత అనేది మారుతూ ఉంటుంది, అందుకే రెండు బ్రేకులు ఒకేలా ఉండవు.

ఒకసారి మొదలయ్యాక బ్రేక్ తనను తానే కొంతకాలం నిలబెట్టుకుంటుంది కూడా. మబ్బు లేదు కాబట్టి ఎండ. ఎండ వల్ల నేల పై పొర ఆరిపోతుంది. నేల ఆరితే కింద గాలిలోకి చేరే తేమ తగ్గుతుంది. ఇది మీ దగ్గరే కొలుచుకోవచ్చు. రెండు థర్మామీటర్లు పక్కపక్కన పెట్టి ఒకదాని బుడ్డికి తడి పలచటి గుడ్డ చుట్టు, గుడ్డ కొస నీళ్ళ గిన్నెలో ఉంచు, రెండూ నీడలో ఉండాలి. ముసురు రోజుల్లో రెండిటి మధ్య తేడా ఒక డిగ్రీనో రెండో ఉంటుంది. బెట్ట సాగే కొద్దీ మధ్యాహ్నం పూట ఆ తేడా పెరుగుతూ పోతుంది. తేడా పెరగడం ఆగి మళ్ళీ తగ్గుతూ వస్తుంటే, నాలుగైదు రోజులు వరసగా, గాలి స్వభావం మారుతోందని అర్థం. ఒక్క రోజు తగ్గితే నమ్మకు.

అదే ఎండ బ్రేక్‌ను ముగించే పని కూడా చేస్తుంది. మన మీద మబ్బు లేనప్పుడు బంగాళాఖాతం ఉత్తర భాగం మీద కూడా మబ్బు ఉండదు. సముద్రం ఎండకు కాగి, పై నీరు రమారమి ఒక డిగ్రీ దాకా వేడెక్కుతుంది. గోదావరి, మహానది, గంగ తెచ్చి పోసిన మంచినీళ్ళు అక్కడ పైన పలచటి పొరలా ఉంటాయి కాబట్టి ఆ పొర త్వరగా వేడెక్కుతుంది. దక్షిణం నుంచి నడిచొస్తున్న పట్టీ ఆ వేడి నీళ్ళ మీదికి చేరగానే అల్పపీడనం పుడుతుంది, ద్రోణి తూర్పు కొస మళ్ళీ సముద్రంలోకి దిగుతుంది. బ్రేక్ అయిపోయింది.

2023 ఆగస్టు గుర్తుందా? నాకు తెలిసి ఈ విషయం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి ఉదాహరణ లేదు, అదీ మన గడప ముందు జరిగింది. జులై ఆఖరులో బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి మన మీదికి వచ్చింది. గోదావరికి అవతల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన నమోదైంది, తెలంగాణలో అంతకు ముందెప్పుడూ అంత లేదు. ఆ నెల దేశం మొత్తం మీద కూడా మామూలు కన్నా 13 శాతం ఎక్కువే. ఆగస్టు మొదట్లో ఇంకో వాయుగుండం వచ్చింది, కానీ అది బంగ్లాదేశ్ తీరం దాటి ఝార్ఖండ్ మీదుగా పైపైన పోయింది. దాని వెంటే ద్రోణి కూడా పైకి పోయి హిమాలయాల అంచుకు చేరింది. ఆగస్టు 7 నుంచి 18 దాకా బ్రేక్. చాలావరకు ఆశ్లేష కార్తెలోనే. ఆ మధ్యలోనే, 13, 14 తేదీల్లో, హిమాచల్‌లో కుండపోత కురిసి సిమ్లాలో కొండచరియలు పడి జనం చనిపోయారు. మన దగ్గర సోయా పూత మీద ఉంది, మడుల్లో వరినారు ఎర్రబడుతోంది, వాళ్ళ దగ్గర ఇళ్ళు కొట్టుకుపోతున్నాయి.

18 ప్రాంతంలో ఒక అల్పపీడనం పుట్టి ఒడిశాకు, ఛత్తీస్‌గఢ్‌కు, విదర్భకు కాస్త ఊరటనిచ్చింది. అందరూ గట్టెక్కామనుకున్నారు. కానీ ద్రోణి మళ్ళీ ఉత్తరానికి పోయింది, నెలాఖరు దాకా బలహీనంగానే సాగింది. ఆగస్టులో దేశం మీద సగటున 25 సెంటీమీటర్లకు పైగా కురవాల్సి ఉంటే 16 దగ్గరే ఆగింది. 36 శాతం లోటు, 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత ఎండిన ఆగస్టు ఇంకోటి లేదు. సెప్టెంబర్ మొదటి వారంలో ఒడిశా, ఉత్తరాంధ్ర తీరం దగ్గర అల్పపీడనం పుట్టాకే వానలు తిరిగొచ్చాయి, ఆ నెల మళ్ళీ 13 శాతం ఎక్కువ. మొత్తం కాలానికి కూడితే 94 శాతం తేలింది. పేపర్లో ఆ 94 చూసినవాడికి 'పెద్దగా లోటు లేదే' అనిపిస్తుంది. రైతుకు కావలసింది మొత్తం కాదు, ఏ వారం పడింది, ఏ వారం పడలేదు అన్నది. నేను ఈ మాట మీద చాలామందితో వాదించాను, ఇంకా వాదిస్తూనే ఉంటాను.

ఆ ఏడు బ్రేక్ అంత పొడుగవడానికి ఎల్ నినో కూడా తోడైంది. పసిఫిక్ మహాసముద్రంలో మధ్య, తూర్పు భాగాలు వేడెక్కినప్పుడు అక్కడి మబ్బుల గుంపు తూర్పుకు జరుగుతుంది, మన వైపు గాలి దిగే ధోరణి పెరుగుతుంది. ఎల్ నినో బ్రేక్‌ను పుట్టించదు, అది లేని సంవత్సరాల్లోనూ బ్రేకులు వస్తాయి. పుట్టిన బ్రేక్ తొందరగా తెగకుండా చేస్తుంది. 2002 జులైలోనూ అట్లాగే జరిగింది, దేశం మొత్తం మీద కురవాల్సిన దాంట్లో దాదాపు సగమే కురిసింది, సీజన్ మొదలయ్యే ముందు ఎవరూ దాన్ని ఊహించలేకపోయారు.

ఇక నువ్వు అడగకపోయినా మనసులో ఉన్న ప్రశ్న, ఇది ఎప్పుడు తెగుతుంది? మూడు చూడు. మొదటిది, వాతావరణ శాఖ రోజువారీ బులెటిన్, mausam.imd.gov.in లో దొరుకుతుంది. అందులో Monsoon Trough అన్న మాట వెతుకు. దాని పక్కన foothills of Himalayas అని ఉన్నన్నాళ్ళూ పెద్ద వాన మీద ఆశ పెట్టుకోకు. తూర్పు కొస బంగాళాఖాతంలోకి దిగిందని రాసిన రోజు నుంచి లెక్క మొదలుపెట్టు. రెండోది, ఉపగ్రహ చిత్రం. రోజూ ఒకే వేళకు తెరిచి, శ్రీలంక చుట్టుపక్కల మబ్బుల పట్టీ ఎక్కడుందో చూడు. మొదట లంకకు కింద ఉంటుంది, వారంలో లంక మీదికి, ఆ పైన మధ్య బంగాళాఖాతానికి ఎక్కితే నీకు ఇంకో వారం లోపు కబురు అందుతుంది. మూడోది, ప్రతి గురువారం వాతావరణ శాఖ నాలుగు వారాల అంచనా విడుదల చేస్తుంది. అందులో మొదటి రెండు వారాలు బాగానే పనికొస్తాయి. మూడు, నాలుగు వారాలది దిశ చెబుతుందంతే, దాన్ని పట్టుకుని యూరియా చల్లే తేదీ ఖాయం చేసుకోకు.

మీ ఊళ్ళో గాలిని కూడా గమనించు. ఎడతెగని పడమటి గాలి సన్నగిల్లి, ఒక పూట ఇటు ఒక పూట అటు దిక్కు మారుతూ, ఉత్తరం వైపు నుంచి కూడా మెల్లగా వీస్తుంటే, తూర్పున ఒడిశా వైపు ఏదో తయారవుతోందని అనుకోవచ్చు. సాయంత్రం పూట ఎక్కడో ఒకచోట ఉరిమి పది నిమిషాలు కురిసి పోయే వానను మాత్రం బ్రేక్ తెగిన గుర్తుగా తీసుకోకు. అది నేల వేడికి లేచిన ఒంటరి మబ్బు, బ్రేక్ నడుమ కూడా వస్తుంది, పక్క ఊరికి తెలియకుండా పోతుంది.

ఇంకో మాట. అల్పపీడనం పుట్టినంత మాత్రాన అది నీ మీదుగానే పోవాలని లేదు. బ్రేక్ తర్వాత పుట్టే మొదటిది చాలాసార్లు ఉత్తర ఒడిశా, ఝార్ఖండ్, మధ్యప్రదేశ్ ఉత్తర భాగం దారి పడుతుంది, ఎందుకంటే ద్రోణి ఇంకా పూర్తిగా కిందికి దిగి ఉండదు. అట్లా పోతే గోండియా, భండారా తడుస్తాయి, గడ్చిరోలి ఉత్తర భాగం తడుస్తుంది, సిరొంచకు మబ్బు, నాలుగు చినుకులే మిగులుతాయి. బులెటిన్‌లో అల్పపీడనం తీరం ఎక్కడ దాటుతుందో చూడు. గోపాల్‌పూర్, కళింగపట్నం చుట్టుపక్కల అయితే నీకు మంచి వాన ఆశ ఎక్కువ. బాలాసోర్ వైపు అయితే రెండో దాని కోసం ఎదురుచూడాలి. ఈ లోపు నల్లరేగడిలో పత్తి ఇంకొన్నాళ్ళు తట్టుకుంటుంది, గుంటుక తోలి నెర్రెలు మూయి, లోపలి తేమ ఆవిరై పోకుండా ఉంటుంది. సోయా పూత మీద ఉండి, ప్రాణహిత నుంచి మోటారు పెట్టే వీలుంటే మాత్రం బులెటిన్ కోసం ఆగకుండా ఈ రాత్రే ఒక తడి ఇవ్వు.